ఒక కిలో ఆక్టేన్ దహనానికి కావలసిన గాలి: సాధించిన లెక్క

ప్రశ్న: ప్రయోగశాలలోని బర్నర్‌లో 1 కిలో ఆక్టేన్‌ను 20 శాతం అదనపు గాలితో పూర్తిగా మండిస్తే సరఫరా చేయవలసిన గాలి ఎంత?

సాధన: ముందుగా సమీకరణాన్ని తుల్యం చేయాలి.

C₈H₁₈ + 12.5 O₂ → 8 CO₂ + 9 H₂O

ఆక్టేన్ అణుభారం 8×12 + 18 = 114, ఆక్సిజన్ భారం 12.5×32 = 400; కాబట్టి 1 కిలో ఆక్టేన్‌కు 400/114 = 3.509 కిలోల ఆక్సిజన్ కావాలి. గాలిలో ఆక్సిజన్ ద్రవ్యరాశి ప్రకారం 23.2 శాతం ఉంటుంది కనుక, సిద్ధాంతరీత్యా కావలసిన గాలి 3.509/0.232 = 15.12 కిలోలు. విద్యార్థులు తరచుగా తడబడేది ఇక్కడే: 21 శాతం అనేది ఘనపరిమాణపు లెక్క, దానితో భాగిస్తే 16.71 అనే తప్పు జవాబు వస్తుంది.

అయితే నిజమైన జ్వాలలో ఇంధనపు ఆవిరి, గాలి అంతటా సమంగా కలవవు. ఆక్సిజన్ అందని చోట కార్బన్ మోనాక్సైడ్, మసి ఏర్పడి ఇంధనం వృథా అవుతుంది కాబట్టి, సిద్ధాంతం చెప్పినదానికంటే కొంత ఎక్కువ గాలిని పంపుతారు. ఇదే అదనపు గాలి. మోతాదు మించితే అక్కరలేని నైట్రోజన్, ఆక్సిజన్ వేడెక్కి, ఆ ఉష్ణాన్ని పొగగొట్టం గుండా బయటకు మోసుకుపోతాయి.

సరఫరా చేయవలసిన గాలి = 15.12 × 1.20 = 18.15 కిలోలు (సుమారు).

సరిచూసుకుంటే, దహన వాయువుల్లో CO₂ 3.09, నీటి ఆవిరి 1.42, మిగులు ఆక్సిజన్ 0.70, నైట్రోజన్ 13.94, మొత్తం 19.15 కిలోలు, లోపలికి వెళ్ళిన ఇంధనం, గాలి మొత్తమూ అంతే.