‘ఇఫ్’ వాక్యాలు పూర్తి చేద్దాం: జీరో, ఫస్ట్, సెకండ్ కండిషనల్ అభ్యాస పత్రం

7, 8 తరగతులకు. ఒక పీరియడ్ సరిపోతుంది. చివరి భాగం మిగిలిపోతే ఇంట్లో పూర్తి చేయండి.

పిల్లలూ, ఈ కాగితంలో ఇంగ్లీషు వాక్యాలన్నీ తెలుగు అక్షరాల్లోనే ఉన్నాయి. కావాలనే అలా రాశాను. ముందు వాక్యాన్ని పైకి చదవండి, చెవికి ఎలా వినబడుతుందో గమనించండి. ఆ తర్వాత నోట్సులో ఇంగ్లీషు అక్షరాల్లో వాక్యం మొత్తం రాయండి. ఖాళీలో పట్టే మాట ఒక్కటీ రాసి వదిలేస్తే స్పెల్లింగూ రాదు, వాక్యమూ నోటికి రాదు.

ఇంగ్లీషు జోలికి వెళ్లేముందు ఈ మూడు తెలుగు వాక్యాలు చదవండి.

ఐసును వేడి చేస్తే కరుగుతుంది.
రేపు వాన పడితే మ్యాచ్ ఆగిపోతుంది.
నాకు రెక్కలుంటే బడికి ఎగిరి వచ్చేదాన్ని.

మొదటి రెండు వాక్యాల చివర చూడండి. కరుగుతుంది, ఆగిపోతుంది. రెండూ ఒకే తీరు. తెలుగులో మనం వీటిని వేరు చేయం. ఇంగ్లీషు మాత్రం వేరు చేస్తుంది. మొదటిది జీరో, రెండోది ఫస్ట్. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మూడో వాక్యం దగ్గర అంత ఇబ్బంది ఉండదు. ‘వచ్చేదాన్ని’ అనగానే అది ఊహ అని తెలుగే చెప్పేస్తోంది. అది సెకండ్.

మొదటి రెండింటినీ విడదీయడానికి ఒక చిట్కా ఉంది. ‘-తే’ తీసేసి ‘-నప్పుడల్లా’ పెట్టి చూడండి. ‘ఐసును వేడి చేసినప్పుడల్లా కరుగుతుంది’ బాగానే ఉంది, కాబట్టి జీరో. ‘రేపు వాన పడినప్పుడల్లా మ్యాచ్ ఆగిపోతుంది’ అతకడం లేదు. అది రేపు ఒక్కసారి జరిగే సంగతి, కాబట్టి ఫస్ట్.

మొదటి భాగం: ఎప్పుడూ నిజమయ్యేవి

జీరో కండిషనల్‌లో రెండు సగాల్లోనూ సింపుల్ ప్రెజెంటే. ‘విల్’ ఎక్కడా రాదు.

1. ఇఫ్ యు హీట్ ఐస్, ఇట్ … — మెల్ట్స్ / మెల్టెడ్ / వుడ్ మెల్ట్
2. ఇఫ్ యు మిక్స్ రెడ్ అండ్ యెల్లో పెయింట్, యు … ఆరెంజ్. — గెట్ / గాట్ / వుడ్ గెట్
3. ఇఫ్ యు యాడ్ టూ ఆడ్ నంబర్స్, ది ఆన్సర్ … ఈవెన్. — ఈజ్ / వజ్ / వుడ్ బి
4. ప్లాంట్స్ డై ఇఫ్ దే … వాటర్. — డోంట్ గెట్ / వోంట్ గెట్ / డిడ్‌న్ట్ గెట్

నాలుగో వాక్యంలో ‘ఇఫ్’ మధ్యలో వచ్చింది. అలా వచ్చినప్పుడు కామా పెట్టకండి. ‘ఇఫ్’తో వాక్యం మొదలైతేనే కామా.

రెండో భాగం: జరిగే వీలున్నవి

ఈ భాగానికి ఎక్కువ సమయం తీసుకోండి. పోయిన వారం ఒక అమ్మాయి బోర్డు మీద ఇలా రాసింది: ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్ టుమారో, వి విల్ ప్లే ఇన్‌సైడ్.’ ‘ఇఫ్ దగ్గర విల్ ఎందుకు పెట్టావమ్మా?’ అని అడిగాను. ‘రేపటి మాట కదా టీచర్, అందుకే’ అంది. ఆలోచించి రాసిన తప్పు అది, అందుకే నాకు నచ్చింది. వాన పడేది నిజంగా రేపే. కానీ ఇంగ్లీషులో రేపు అనే భావం ఫలితం చెప్పే సగంలో ‘విల్’తో ఒక్కసారి చెబితే చాలు. షరతు చెప్పే సగంలో సింపుల్ ప్రెజెంటే ఉంటుంది. ఆ అమ్మాయి చాక్‌పీస్ తీసుకుని మొదటి ‘విల్’ చెరిపేసింది. ఒక క్షణం ఆగి ‘రెయిన్’ చివర ‘ఎస్’ చేర్చింది. ఆ ‘ఎస్’ను నేను చెప్పకుండానే గుర్తుపట్టింది.

5. ఇఫ్ ఇట్ … టుమారో, వి విల్ ప్లే ఇన్‌సైడ్. — రెయిన్స్ / విల్ రెయిన్ / రెయిన్డ్
6. ఇఫ్ యు డోంట్ హర్రీ, యు … ది బస్. — విల్ మిస్ / మిస్డ్ / వుడ్ మిస్
7. ఐ విల్ కాల్ యు ఇఫ్ ఐ … ది ఆన్సర్. — ఫైండ్ / విల్ ఫైండ్ / ఫౌండ్
8. ఇఫ్ షి … హార్డ్ దిస్ వీక్, షి విల్ పాస్ ది టెస్ట్. — వర్క్ / వర్క్స్ / విల్ వర్క్
9. వి … లేట్ ఇఫ్ ది ట్రెయిన్ డజ్‌న్ట్ కమ్ సూన్. — వర్ / వుడ్ బి / విల్ బి
10. ఇఫ్ యు లీవ్ దట్ ఐస్ ఇన్ ది సన్ నౌ, ఇట్ … బిఫోర్ వి కమ్ బ్యాక్. — మెల్టెడ్ / విల్ మెల్ట్ / వుడ్ మెల్ట్

పదో వాక్యం రాశాక మళ్లీ ఒకటో వాక్యం దగ్గరికి వెళ్లండి. రెండింట్లోనూ ఐసే, రెండింట్లోనూ కరగడమే. అయినా జవాబు ఒకటి కాదు. ఎందుకో మీ పక్కన కూర్చున్నవాళ్లకు తెలుగులో చెప్పండి. చెప్పగలిగితే ఈ పాఠంలో కష్టమైన భాగం దాటేసినట్టే.

మూడో భాగం: ఊహించుకునేవి

సెకండ్ కండిషనల్‌లో ‘ఇఫ్’ సగంలో క్రియ పాస్ట్ రూపంలో ఉంటుంది, రెండో సగంలో ‘వుడ్’ వస్తుంది. పాస్ట్ రూపం చూసి ఇది నిన్నటి సంగతి అనుకోకండి. ఇక్కడ ఆ రూపం ‘ఇది నిజం కాదు, ఊరికే అనుకుందాం’ అని చెప్పడానికి వచ్చింది. ‘ఐ’ పక్కన ‘వర్’ రావడం కొత్తగా అనిపిస్తుంది. మాటల్లో ‘వజ్’ కూడా వినబడుతుంది కానీ పరీక్షలో ‘వర్’ రాయండి.

11. ఇఫ్ ఐ … ఎ బర్డ్, ఐ వుడ్ ఫ్లై టు స్కూల్. — యామ్ / వర్ / విల్ బి
12. ఇఫ్ వి లివ్డ్ ఆన్ మెర్క్యురీ, వి … ఎ బర్త్‌డే ఎవ్రీ 88 డేస్. — విల్ హావ్ / హావ్ / వుడ్ హావ్
13. ఇఫ్ ఐ … ఆన్ ది మూన్, మై స్కూల్ బ్యాగ్ వుడ్ ఫీల్ వెరీ లైట్. — స్టాండ్ / స్టుడ్ / విల్ స్టాండ్
14. వాట్ … యు డూ ఇఫ్ యు హాడ్ త్రీ హ్యాండ్స్? — డు / విల్ / వుడ్
15. ఇఫ్ డాగ్స్ కుడ్ టాక్, దే … అస్ మెనీ సీక్రెట్స్. — వుడ్ టెల్ / విల్ టెల్ / టోల్డ్
16. ఇఫ్ ఐ … యు, ఐ వుడ్ సే సారీ. — యామ్ / విల్ బి / వర్

నాలుగో భాగం: ఒకటి కంటే ఎక్కువ జవాబులు సరిపోయేవి

ఈ మూడింటికి రెండేసి జవాబులు కుదురుతాయి. రెండూ రాయండి. అర్థం ఎలా మారుతుందో కింద తెలుగులో ఒక్కో ముక్క రాయండి. మార్కులు ఆ ముక్కకే.

17. ఇఫ్ ఐ డోంట్ స్లీప్ వెల్, ఐ … టైర్డ్ ఇన్ ది మార్నింగ్. — ఫీల్ / విల్ ఫీల్ / ఫెల్ట్
18. ఇఫ్ యు ప్రెస్ దిస్ స్విచ్, ది లైట్ … ఆన్. — కమ్స్ / కేమ్ / విల్ కమ్
19. ఇఫ్ ఐ … ది రేస్, ఐ … వెరీ హ్యాపీ. — విన్, విల్ బి / వన్, వుడ్ బి / వన్, విల్ బి

ఐదో భాగం: గుమ్మం దగ్గర సంభాషణ

బయట మబ్బు పట్టింది. తమ్ముడు బడికి బయల్దేరుతున్నాడు. ఖాళీల్లో ఈ మూడు క్రియలు వరుసగా వస్తాయి: టేర్, ఫర్గెట్, హావ్. సరైన రూపం మీరే పెట్టాలి. ఇద్దరు లేచి పాత్రలుగా చదవండి.

తమ్ముడు: మై బుక్స్ ఆర్ ఇన్ ఎ ప్లాస్టిక్ బ్యాగ్. పేపర్ … ఈజీలీ ఇఫ్ ఇట్ గెట్స్ వెట్.
అక్క: గుడ్. బట్ ఇఫ్ యు … యువర్ అంబ్రెల్లా టుడే, యు విల్ గెట్ వెట్ టూ.
తమ్ముడు: ఐ లాస్ట్ ఇట్ ఎగెయిన్.
అక్క: ఎగెయిన్! ఇఫ్ ఐ … ఎ థౌజండ్ అంబ్రెల్లాస్, ఐ వుడ్ గివ్ యు వన్ ఎవ్రీ డే.

జవాబులు

అన్నీ రాశాకే ఇక్కడికి రండి.

1 మెల్ట్స్, 2 గెట్, 3 ఈజ్. మూడింటికీ ‘-నప్పుడల్లా’ అతుకుతుంది. మూడోది అనుమానంగా ఉంటే 3, 5 కూడి చూడండి, 8. 7, 9 కూడితే 16. ఏ రెండు బేసి సంఖ్యలు తీసుకున్నా సరి సంఖ్యే వస్తుంది. 4 డోంట్ గెట్. ‘వోంట్’ పెట్టినవాళ్లు ఉంటారు. ‘వోంట్’ అంటే ‘విల్ నాట్’. ‘ఇఫ్’ సగంలో ‘విల్’ రానట్టే ‘వోంట్’ కూడా రాదు.

5 రెయిన్స్, 6 విల్ మిస్, 7 ఫైండ్. ఏడులో ‘విల్’ అప్పటికే ‘ఐ విల్ కాల్’లో వచ్చేసింది. 8 వర్క్స్. ‘షి’ ఉంది కాబట్టి ‘ఎస్’ తప్పనిసరి. ‘వర్క్’ రాసి ఉంటే కండిషనల్ సరిగానే ఎంచుకున్నారు, ‘ఎస్’ మాత్రం మర్చిపోయారు, కాబట్టి సగం మార్కు వేసుకోండి. 9 విల్ బి. 10 విల్ మెల్ట్. ఒకటో వాక్యం ఏ ఐసు గురించైనా చెప్పేది, ఇది ఎదురుగా ఎండలో పెట్టబోతున్న ఆ ఒక్క ముక్క గురించి చెప్పేది.

11 వర్. 12 వుడ్ హావ్. బుధగ్రహం సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి మన లెక్కలో 88 రోజులు పడుతుంది. మీకిప్పుడు 12 ఏళ్లయితే అక్కడి లెక్కలో దాదాపు 50 వస్తాయి. 13 స్టుడ్. చంద్రుడి మీద ఆకర్షణ భూమి మీదున్న దాంట్లో సుమారు ఆరో వంతే, కాబట్టి ఇక్కడ 6 కిలోలు తూగే బ్యాగు అక్కడ 1 కిలో ఉన్నట్టు అనిపిస్తుంది. మనిషి చంద్రుడి మీద నిలబడలేడా అని ఎవరైనా అడిగితే మంచి ప్రశ్నే. 1969లోనే నిలబడ్డాడు. కానీ ఈ వాక్యంలో నిలబడుతున్నది మీరు, అదీ స్కూలు బ్యాగుతో. అందుకే సెకండ్. 14 వుడ్, 15 వుడ్ టెల్. 16 వర్. నేను నువ్వు కాలేను కదా! ‘నీ స్థానంలో నేనుంటే’ అని సలహా చెప్పేటప్పుడు ఇలాగే అంటారు. ఇది మాటల్లో బాగా వాడతారు, నోటికి వచ్చేదాకా అనండి.

17 ఫీల్ అంటే నాకు ఎప్పుడూ అంతే, నిద్ర చాలకపోతే నీరసమే. విల్ ఫీల్ అంటే ఈ రాత్రి సరిగా పడుకోకపోతే రేపు పొద్దున నీరసంగా ఉంటుంది. 18 కమ్స్ అంటే ఈ స్విచ్చి పని ఎప్పుడూ అదే అని చెబుతున్నాం. విల్ కమ్ అంటే ఇప్పుడు నొక్కు, లైటు వెలుగుతుంది చూడు అని. ఐదో భాగంలో టేర్స్, ఫర్గెట్, హాడ్.

19ని చివరికి ఉంచాను. ‘విన్, విల్ బి’ అన్నవాళ్లకు గెలుస్తామన్న ఆశ ఉంది. ‘వన్, వుడ్ బి’ అన్నవాళ్లు గెలిచే వీలు లేదనుకుంటూ ఊహించుకుంటున్నారు. వ్యాకరణం ప్రకారం రెండూ సరైనవే. ఏది పెట్టాలన్నది పరుగెత్తేవాళ్లు తమ గురించి ఏమనుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ‘వన్, విల్ బి’ మాత్రం రెండింటినీ కలిపేసిన తప్పు. అది రాసినవాళ్లు మళ్లీ రాసి నాకు చూపించండి.