విషయం: గుంటూరు – కటక్ నెలవారీ రూటుకు కొటేషన్ కావాలి (32 అడుగుల మల్టీ యాక్సిల్ కంటైనర్, 1 జూలై 2026 నుంచి ఏడాదిపాటు)

నమస్కారమండీ,

గుంటూరు ఏటుకూరు రోడ్డులోని మా మసాలా పొడుల యూనిట్ నుంచి కటక్ డిపోకు ప్రతి నెలా వెళ్లే సరుకుకు ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టు కొత్తగా ఇస్తున్నాం. ఒడిశా లైన్‌లో బండ్లు తిప్పుతున్న మీ ఆరుగురికీ ఈ మెయిల్ పంపుతున్నాం. ఎవరి రేటు ఎవరికీ తెలియకూడదని అందరినీ బీసీసీలో పెట్టాం. ఒకరి రేటు చూపించి ఇంకొకరితో బేరమాడం. అందుకే మొదటిసారే మీ చివరి రేటు రాయండి.

రూటు, సరుకు

లోడింగ్ మా ఏటుకూరు రోడ్డు గోడౌన్‌లో, అన్‌లోడింగ్ కటక్ జగత్‌పూర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో. విజయవాడ, రాజమహేంద్రవరం, విశాఖ, శ్రీకాకుళం, బరంపురం మీదుగా జాతీయ రహదారి 16 పైన సుమారు 850 కిలోమీటర్లు. మహానది వంతెన దాటగానే జగత్‌పూర్ వస్తుంది కాబట్టి బండి కటక్ ఊళ్లోకి పోనక్కర్లేదు. మధ్యలో ఇంకో డెలివరీ పాయింటు లేదు.

సరుకు ప్యాకెట్లలో నింపిన కారం, పసుపు, ధనియాల పొడి. ఒక్కో కార్టన్ ప్యాకింగ్‌తో కలిపి 10.6 కిలోలు. బండికి 1,300 కార్టన్లు, అంటే సుమారు 13.8 టన్నులు. సరుకు విలువ లోడుకు దాదాపు 34 లక్షల రూపాయలు. ఓవర్‌లోడ్ మేమూ అడగం, మీరూ ఒప్పుకోవద్దు.

ప్రతి మంగళవారం, శుక్రవారం ఒక్కో బండి కావాలి. నెలకు 8, కొన్ని నెలల్లో 9 లోడ్లు పడతాయి. దసరా ముందు, సెప్టెంబర్, అక్టోబర్‌లలో 11–12 వరకు పెరుగుతాయి. ఆ అదనపు బండ్లకు కనీసం నాలుగు రోజుల ముందు చెబుతాం, కానీ కిరాయి అదే. సీజన్ అని రేటు పెంచడం కుదరదు.

బండి ఎలా ఉండాలి

32 అడుగుల మల్టీ యాక్సిల్ క్లోజ్డ్ కంటైనరే కావాలి. ఓపెన్ బాడీ మీద తార్పాలిన్ కట్టి తెస్తామంటే వద్దు. పైకప్పుకు చిల్లులు, నేల ప్లైలో పగుళ్లు ఉండకూడదు. లోడింగ్‌కు ముందు మావాళ్లు లోపలికి వెళ్లి తలుపులు మూయించి చూస్తారు. ఎక్కడ వెలుతురు కనిపించినా బండిని వెనక్కి పంపుతారు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది వాసన గురించి. పసుపు, ధనియాల పొడి పక్కనున్న వాసనను ఇట్టే పట్టేస్తాయి. గతంలో ఒక ట్రాన్స్‌పోర్టర్ అంతకుముందు ట్రిప్పులో పురుగుమందు డబ్బాలు తోలిన బండినే కడిగి పంపారు. పైకి శుభ్రంగానే కనిపించింది, లోడంతా డిపోలో తిరస్కరించారు. కాబట్టి పురుగుమందులు, ఎరువులు, ఫినాయిల్, సబ్బులు, చేపలు, తోళ్లు తోలిన బండి మాకు పనికిరాదు. వెనకటి రెండు ట్రిప్పుల ఎల్ఆర్ కాపీలు డ్రైవర్ దగ్గర ఉండాలి, గేటు దగ్గరే చూస్తాం.

ఎఫ్‌సీ, నేషనల్ పర్మిట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ నడుస్తూ ఉండాలి. జీపీఎస్ లింకు మాకు ఇవ్వాలి. దారిలో సరుకు ఇంకో బండిలోకి మార్చడానికి వీల్లేదు. బండి నిజంగా చెడిపోతే ముందు మాకు ఫోన్ చేయాలి. ఈ-వే బిల్లులో కొత్త బండి నంబరు ఎక్కించాకే సరుకు కదలాలి.

వేళలు

లోడింగ్ రోజు ఉదయం 9 గంటలకల్లా బండి గేటు దగ్గర ఉండాలి. సాయంత్రం 7 లోపు కాగితాలతో సహా పంపించేస్తాం. అక్కడి నుంచి 60 గంటల్లో, అంటే మంగళవారం బండి శుక్రవారం ఉదయం 7కి, శుక్రవారం బండి సోమవారం ఉదయం 7కి జగత్‌పూర్ చేరాలి. ఆదివారం డిపో ఉండదు, ముందే వెళ్లి నిలబడితే హాల్టింగ్ రాదు. ఈ దూరానికి ఈ-వే బిల్లు 5 రోజులు చెల్లుతుంది. బండి ఎక్కడైనా ఆగిపోతే గడువు తీరకముందే చెప్పండి, పొడిగించడం మా పని.

బండి 9కి బదులు మధ్యాహ్నం 1 దాటినా రాకపోతే మార్కెట్లో వేరే బండి పెట్టుకుంటాం, కిరాయిలో తేడా మీ బిల్లులో కోస్తాం. డెలివరీ ఆలస్యానికి ప్రతి 12 గంటలకు రూ. 1,500. తుపాను, వరద వల్ల రోడ్డు మూసేస్తే ఈ కోత ఉండదు. 2018లో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం వైపు పరిస్థితి అందరం చూశాం. అదే రోజు లొకేషన్, ఫోటో పంపితే చాలు.

రేటు ఎలా రాయాలి

ట్రిప్పుకు ఒకే అంకె రాయండి. డీజిల్, టోల్, డ్రైవర్ బత్తా, దారి ఖర్చులు అన్నీ అందులోనే కలపాలి. రెండు వైపులా హమాలీ మాది. తిరుగు లోడు మీ ఇష్టం, దాని లెక్క మా కిరాయిలోకి రాకూడదు. దీంతోపాటు విడిగా రాయాల్సినవి:

– హాల్టింగ్ రోజుకు ఎంత. (డిపో చేరిన ఉదయం 7 నుంచి మొదటి 24 గంటలు ఉచితం. గుంటూరులో ఆలస్యం మా వల్ల అయితే రాత్రి 9 తర్వాత లెక్క మొదలు.)
– డిపో నుంచి వెనక్కి తేవాల్సిన పాడైన కార్టన్లకు, ఒక్కో దానికి ఎంత. ఇవి నెలకు 50–100 మించవు.
– జీఎస్టీ ఫార్వర్డ్ చార్జా, రివర్స్ చార్జా.
– వారానికి రెండు బండ్లూ ఇవ్వగలరా, ఒక్కటేనా. సొంత బండ్లు ఎన్ని, బయట నుంచి తెచ్చేవి ఎన్ని.

డీజిల్ విషయంలో ఇద్దరికీ టెన్షన్ లేకుండా ఒక పద్ధతి పెట్టాం. 12 జూన్ 2026న గుంటూరులో ప్రభుత్వ రంగ కంపెనీల బంకు ధరను ఆధారంగా తీసుకుంటాం. నెల మొదటి తేదీన ధర దానికంటే 2 రూపాయలకు మించి మారితే, మారిన ప్రతి రూపాయికి ట్రిప్పుకు రూ. 212 కలుపుతాం. తగ్గితే అంతే తీసేస్తాం. లీటరుకు 4 కిలోమీటర్లు వేసి లెక్కకట్టిన అంకె ఇది. మీ బండ్లు ఇంతకంటే తక్కువ ఇస్తాయనుకుంటే ఇప్పుడే చెప్పండి, తర్వాత కాదు.

చెల్లింపు

లోడైన మర్నాడు 40 శాతం అడ్వాన్స్. మిగతాది సంతకం, స్టాంపు ఉన్న పీఓడీ ఒరిజినల్, బిల్లు చేతికొచ్చిన 21 రోజుల్లో. పది లేదా అంతకంటే తక్కువ లారీలున్నవారు పాన్‌తో డిక్లరేషన్ ఇస్తే టీడీఎస్ కోయం. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ మాది. అయినా షార్టేజీ, తడి మీ నిర్లక్ష్యం వల్లనని తేలితే ఇన్‌వాయిస్ విలువ మీరు కట్టాలి.

కొటేషన్‌తో జీఎస్టీ, పాన్, బండ్ల ఆర్‌సీల జాబితా, ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉంటే అది, ఈ లైన్‌లో ఇప్పుడు మీరు సరుకు తోలుతున్న ఇద్దరు పార్టీల వివరాలు జతచేయండి. వాళ్లతో మాట్లాడతాం. తక్కువ రేటు ఒక్కదాన్నే చూసి ఇవ్వం, వేళకు బండి పెట్టే అలవాటుకు కూడా అంతే విలువ ఇస్తాం. ఒకరికి నెలకు 6 లోడ్లు, రెండోవారికి మిగతావి ఇవ్వాలని ప్రస్తుత ఆలోచన.

సందేహాలుంటే జూన్ 8 సోమవారంలోపు ఇదే మెయిల్‌కు రాయండి, జవాబు అందరికీ పంపుతాం. గోడౌన్ చూడాలనుకుంటే జూన్ 6 శనివారం ఉదయం రావచ్చు. కొటేషన్‌కు చివరి గడువు జూన్ 12 శుక్రవారం సాయంత్రం 5 గంటలు. వాట్సాప్‌లో పంపిన రేట్లు లెక్కలోకి రావు. జూన్ 19కల్లా నిర్ణయం చెబుతాం, రానివారికి కూడా. మొదటి బండి జూలై 3 శుక్రవారం బయల్దేరుతుంది.

ఇట్లు,
వెంకటరమణ
డిస్పాచ్ మేనేజర్, గుంటూరు
1 జూన్ 2026