సవరించిన నోట్: 2025 నవంబరు రాయల్టీ, ఎంవీపీ కాలనీ బ్రాంచి

తేదీ: 8 డిసెంబరు 2025, ద్వారకానగర్, విశాఖపట్నం

ఎంవీపీ కాలనీ ఫ్రాంచైజీ ఓనరు గారికి నమస్కారం.

మొన్న 4న స్టేట్‌మెంట్ కింద పంపిన నోట్‌ను రద్దు చేసి దీన్ని పంపుతున్నాం. అందులో తప్పు మాదే. కౌంటర్ అమ్మకాల్లోని జీఎస్టీని తీసేయకుండా, రద్దయిన ఆర్డర్లు మినహాయించకుండా మొత్తం మీద 5 శాతం వేసి, రాయల్టీ 54,175 రూపాయలని రాశాం. కస్టమరు ప్రభుత్వానికి కట్టిన పన్ను మీద మీ దగ్గర రాయల్టీ తీసుకోకూడదు. ఫోన్ చేసి అడిగినందుకు కృతజ్ఞతలు. ఇన్‌వాయిస్ ఇంకా వేయలేదు కాబట్టి క్రెడిట్ నోట్ అవసరం రాలేదు.

సరిచేసిన లెక్క:

కౌంటర్ బిల్లులు, పన్నుతో కలిపి: 8,19,000
అందులో 5 శాతం జీఎస్టీ: 39,000
మిగిలిన కౌంటర్ అమ్మకం: 7,80,000
డెలివరీ యాప్ ఆర్డర్లు, పన్ను కాకుండా: 2,64,500
రద్దయి డబ్బు వెనక్కి ఇచ్చినవి: 4,500
మిగిలిన యాప్ అమ్మకం: 2,60,000
రాయల్టీ లెక్కకు తీసుకున్న అమ్మకం: 10,40,000
రాయల్టీ 5 శాతం: 52,000
దానిపై జీఎస్టీ 18 శాతం (సీజీఎస్టీ 4,680, ఎస్‌జీఎస్టీ 4,680): 9,360
ఇన్‌వాయిస్ మొత్తం: 61,360
మీరు మినహాయించే టీడీఎస్, 52,000 మీద 10 శాతం: 5,200
మాకు చేరాల్సింది: 56,160 రూపాయలు

యాప్‌ల కమీషన్ ఎందుకు తగ్గించలేదని అడిగారు. ఒప్పందం ప్రకారం కస్టమరుకు వేసిన బిల్లే ఆధారం, యాప్ మీ ఖాతాలో వేసిన సొమ్ము కాదు. అది మీకు భారమేనని తెలుసు, కానీ అన్ని బ్రాంచిలకూ ఇదే పద్ధతి. కార్తీక వనభోజనాలకు ఇచ్చిన 42,000 రూపాయల ఆర్డరు కూడా మీ బిల్లింగ్ మెషీన్‌లోనే పడింది. అది కౌంటర్ మొత్తంలోనే ఉంది, విడిగా మళ్లీ కలపలేదు.

టీడీఎస్ జీఎస్టీ కలపని మొత్తం మీదే లెక్కించండి. ఇన్‌వాయిస్ ఈ రోజు తేదీతో వస్తుంది కాబట్టి, ఆ 5,200ను 2026 జనవరి 7లోగా జమ చేయాలి. తర్వాత ఫారం 16ఏ పంపండి.

గడువు: 15 డిసెంబరు 2025, సోమవారం, సాయంత్రం 5 గంటలు. పాత నోట్‌లో "వీలైనంత త్వరగా" అని రాశాం, అలా రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఆ సమయానికి సొమ్ము మా ఖాతాలో పడి ఉండాలి. ఖాతా వివరాలు ఇన్‌వాయిస్ మీద ఉన్నవే, మార్పేమీ లేదు. మార్చామంటూ ఎవరైనా మెసేజ్ పెడితే మాకు ఫోన్ చేయకుండా పంపొద్దు. 16వ తేదీ నుంచి బాకీ మీద ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. మొత్తం ఆగిపోతే రోజుకు 18 రూపాయల 46 పైసలు.

అంకెల్లో తేడా కనిపిస్తే 12వ తేదీ శుక్రవారం లోపు, తేడా ఉన్న రోజు బిల్లింగ్ రిపోర్టు ఫొటో పంపండి. తేలని భాగాన్ని పక్కన పెట్టి మిగతాది గడువులోగా కట్టండి. పక్కన పెట్టినదాని మీద, అది తేలేదాకా వడ్డీ వేయం.

అకౌంట్స్ విభాగం