వెర్షన్ 6.3.2: రసీదుల్లో పాత నెల డివిడెండ్ పడే సమస్య సరిచేశాం

అన్ని బ్రాంచ్‌ల మేనేజర్లకు, క్యాషియర్లకు, కలెక్షన్ సిబ్బందికి
హెడ్ ఆఫీస్ ఐటీ విభాగం, హన్మకొండ. 24 ఆగస్టు 2025, ఆదివారం

శనివారం రాత్రి అన్ని బ్రాంచ్ కంప్యూటర్లలో 6.3.2 ఎక్కించాం. సోమవారం కౌంటర్ తెరిచే ముందు లాగిన్ స్క్రీన్ కింద ఈ నంబర్ ఉందో లేదో చూడండి. పాత నంబరే కనిపిస్తే కంప్యూటర్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ మారకపోతే ఆ సిస్టమ్ మీద రసీదులు కొట్టకుండా మాకు చెప్పండి.

ఏం జరిగింది

ఆగస్టు 4న వచ్చిన 6.3.0లో ఈ తప్పు మొదలైంది. పాట అయ్యాక వివరాలు ఎంటర్ చేస్తే, మేనేజర్ ఓకే చేసేదాకా అవి `Pending`లో ఉంటాయి. అంతకుముందు ఆ టైమ్‌లో ఆ గ్రూప్‌కు రసీదు వచ్చేది కాదు. 6.3.0లో ఆ అడ్డు పోయింది. దాంతో సాఫ్ట్‌వేర్ చివరిసారి ఓకే అయిన డివిడెండ్‌ను, అంటే పోయిన నెలదాన్ని, తీసుకుని రసీదు ఇచ్చేసింది.

25 నెలల 5 లక్షల చిట్టీ తీసుకోండి, నెలకు 20,000. పోయిన నెల పాట 1,50,000 తగ్గింపుకు పోయింది. కమిషన్ 25,000 తీసేస్తే మిగిలిన 1,25,000 ఇరవై ఐదుగురికి తలా 5,000. ఈ నెల పాట 1,25,000కే ఆగింది, కాబట్టి డివిడెండ్ 4,000. సభ్యుడు 16,000 కట్టాలి. కానీ `Pending`లో ఉండగా వచ్చినవాళ్ల దగ్గర 15,000 తీసుకుని రసీదు ఇచ్చాం. సభ్యుడి తప్పేం లేదు, క్యాషియర్ తప్పూ లేదు. స్క్రీన్ మీద కనిపించిందే తీసుకున్నారు.

అసలు గొడవ ఆ తర్వాతే. మేనేజర్ ఓకే చేయగానే ఆ వెయ్యి బాకీగా నిలిచింది. గడువు దాటగానే పెనాల్టీ పడింది, మెసేజ్ కూడా పోయింది. చిట్టీ పాడుకున్న సభ్యులకైతే ఇంకా అన్యాయం. గడువులోపు పూర్తిగా కట్టకపోతే వాళ్లకు డివిడెండ్ రాదన్నది మన రూల్. అందుకని వెయ్యి తక్కువైనందుకు సిస్టమ్ మొత్తం 4,000 రద్దు చేసి, 5,000 బాకీ చూపించింది. పరకాల క్యాషియర్‌గారు పాస్‌బుక్‌తో లెడ్జర్ సరిచూడబట్టి ఇది బయటపడింది. లేకపోతే నెలాఖరుదాకా మాకు తెలిసేది కాదు.

రెండో నెలలో ఉన్న కొత్త గ్రూపుల్లో ఇదే తప్పు తిరగబడింది. మొదటి నెల డివిడెండ్ ఉండదు కాబట్టి, వాళ్ల దగ్గర పూర్తి వాయిదా తీసుకున్నాం. అక్కడ మనమే తిరిగి ఇవ్వాలి.

ఇప్పుడు ఎలా పనిచేస్తుంది

పాట `Pending`లో ఉంటే కౌంటర్‌లో రసీదు రాదు, `Dividend not approved` అని చూపిస్తుంది. అది ఎర్రర్ కాదు, టెన్షన్ పడొద్దు. మేనేజర్‌గారు ఓకే చేస్తే వస్తుంది.

కలెక్షన్ ఏజెంట్ల యాప్‌కు తాత్కాలిక పద్ధతి

ఫోన్‌లో వాడే యాప్ ఇంకా సరికాలేదు. దాని అప్‌డేట్ సెప్టెంబర్ 1న వస్తుంది. అప్పటిదాకా, పాట ఉన్న రోజు ఆ గ్రూప్‌కు యాప్‌లో రసీదు కొట్టొద్దు. డబ్బు తీసుకోవాల్సి వస్తే బ్రాంచ్ చేతి రసీదు పుస్తకంలో రాసి ఇవ్వండి, సాయంత్రం ఓకే అయ్యాక కౌంటర్‌లో ఎంట్రీ చేయించండి. చేతి రసీదు మీద డివిడెండ్ అంకె వేయకండి, తీసుకున్న మొత్తం మాత్రమే రాయండి. నర్సంపేట, మహబూబాబాద్ ఊళ్లలో తిరిగే ఏజెంట్లు పొద్దున బయల్దేరే ముందే ఆ రోజు పాటలున్న గ్రూపుల పేర్లు రాసుకుని వెళ్లాలి. సిగ్నల్ లేని చోట ఫోన్ చేసి కనుక్కుందామంటే కుదరదు.

ఏవి తిరిగి చూడాలి

ఆగస్టు 4 నుంచి 23 వరకు, పాట జరిగిన రోజు, ఆ మరుసటి రోజు కొట్టిన రసీదులు. వీటిని `Reports > Collection > Dividend Difference`లో పెట్టాం. జాబితా సిస్టమ్ తీసిందే అయినా, పాస్‌బుక్‌లో చేత్తో రాసింది దానికి తెలియదు. సభ్యుడు వచ్చినప్పుడు పాస్‌బుక్ అడిగి సరిచేసి, మేనేజర్ సంతకం పెట్టించండి.

తప్పు పెనాల్టీలు, రద్దయిన డివిడెండ్లు లెడ్జర్‌లో మేమే సరిచేశాం. అయితే పెనాల్టీ నగదుగా తీసుకున్నట్టయితే అది బ్రాంచే తిరిగి ఇవ్వాలి. ఎక్కువ కట్టినవాళ్లకు వచ్చే వాయిదాలో సర్దండి, నగదే కావాలంటే వోచర్ మీద ఇవ్వండి. తక్కువ కట్టినవాళ్ల దగ్గర తేడా మాత్రమే తీసుకోవాలి. పాత రసీదు రద్దు చేసి కొత్తది ఇవ్వకండి. ఆ నంబర్ సభ్యుడి చేతిలో ఉంది, మన డే బుక్‌లోనూ ఉంది. సర్దుబాటు వోచరే దారి.

పాడుకున్నవాళ్లలో బాకీ ఉందని చెక్కు ఆపినవి ఏమైనా ఉంటే ముందు వాటిని చూడండి. పెళ్లికో, ఫీజుకో పాడుకుని ఎదురుచూస్తుంటారు.

పాట మొత్తాలు, కమిషన్, దాని మీద జీఎస్టీ లెక్కలో తప్పేమీ లేదు. వాటి జోలికి పోనక్కర్లేదు.

బుధవారం వినాయక చవితి సెలవు కాబట్టి, సరిచూసిన జాబితా మంగళవారం సాయంత్రం 5 గంటలలోపు మేనేజర్ సంతకంతో స్కాన్ చేసి పంపాలి. తేడాలేమీ లేని బ్రాంచ్ కూడా ‘లేవు’ అని రాసి పంపాలి. తప్పు మెసేజ్ అందుకున్న సభ్యులకు సోమవారం హెడ్ ఆఫీస్ నుంచి క్షమాపణ మెసేజ్ పోతుంది. అది చూసి కౌంటర్‌కు వచ్చేవాళ్లకు పై లెక్కే కాగితం మీద వేసి చూపించండి.