కక్షిదారుకు చెప్పగలిగే లాటిన్: మొదటి సంవత్సరం ఎల్‌ఎల్‌బీ విద్యార్థులకు నోట్సు

మొన్నటి ఇంటర్నల్ పరీక్షలో 'ఎక్స్ పార్టే డిక్రీ' అంటే ఏమిటని అడిగితే ముగ్గురు 'మాజీ కక్షిదారుపై ఇచ్చిన డిక్రీ' అని రాశారు. నవ్వొచ్చిన మాట నిజమే. కానీ ఎక్స్ ఎమ్మెల్యే, ఎక్స్ సర్పంచ్ అని రోజూ వినే చెవికి ఎక్స్ పార్టే ఇంకెలా వినిపిస్తుంది? లాటిన్ మాటలకు ఒక పక్క తెలుగు మాట రాసి బట్టీ పట్టించడం మన అలవాటు. పట్టిక గుర్తుంటుంది, అర్థం జారిపోతుంది. అందుకే ఈ నోట్సులో పట్టిక లేదు. ప్రతి మాటకూ నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: లాటిన్ ముక్క రాని కక్షిదారు ఎదురుగా కూర్చుంటే, ఈ తెలుగు వినగానే అతనికి తన కేసులో ఏం జరిగిందో తెలియాలి.

ఎక్స్ పార్టేతోనే మొదలుపెడదాం. లాటిన్‌లో ఎక్స్ అంటే 'నుంచి', పార్టే అంటే 'పక్షం'. ఒక పక్షం నుంచి మాత్రమే విని చేసినది అని అర్థం. పుస్తకాల్లో దీన్ని 'ఏకపక్షంగా' అంటారు. అక్షరాలా సరైనదే, కానీ కక్షిదారు దగ్గర వాడితే కొంప మునుగుతుంది. 'ఏకపక్ష తీర్పు' అంటే మామూలు తెలుగులో జడ్జిగారు పక్షపాతం చూపించారని. అసలు జరిగింది వేరు: సమన్లు అందినా ప్రతివాది రాలేదు, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 6 కింద అతను లేకుండానే విచారణ సాగింది. కాబట్టి 'అవతలివాళ్లు రాకపోవడంతో ఇచ్చిన డిక్రీ' అనండి. మాట పొడుగైనా అపార్థం ఉండదు. ప్రతివాది రాలేదని వాది కేసు దానంతటదే గెలవదు, అతను తన సాక్ష్యం చూపించాల్సిందే. సమన్లు సరిగా అందలేదనో, రాకపోవడానికి తగిన కారణం ఉందనో చూపితే ఆర్డర్ 9 రూల్ 13 కింద ఆ డిక్రీని రద్దు చేయించుకోవచ్చు. గడువు 30 రోజులు. డిక్రీ తేదీ నుంచి లెక్క, సమన్లే సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి.

ఇంకో ఎక్స్ పార్టే కూడా ఉంది. వాది పరుగున వచ్చి, నోటీసు వెళ్లేలోపే గోడ కూల్చేస్తారని చెబితే కోర్టు అప్పటికప్పుడు తాత్కాలిక ఇంజంక్షన్ ఇవ్వవచ్చు. ఆర్డర్ 39 రూల్ 3 అందుకు దారి వదిలింది. ఇక్కడ ప్రతివాది రానివాడు కాదు, ఇంకా పిలవనివాడు. దీన్ని 'అవతలివాళ్లకు నోటీసు వెళ్లకముందే ఇచ్చిన ఉత్తర్వు' అనాలి. లాటిన్ మాట ఒకటే, తెలుగు మాటలు రెండు. కోర్టు హాల్లో మాత్రం అందరూ 'ఎక్స్‌పార్టీ అయ్యాడు' అనే అంటారు. మీరూ అనండి, అర్థం తెలిసి అనండి.

ప్రైమా ఫేసీకి తెలుగు చెప్పమంటే నూటికి తొంభై మంది 'ప్రాథమికంగా' అంటారు. పత్రికల్లోనూ అదే నడుస్తోంది. నాకు దానితో చిన్న పేచీ ఉంది. ప్రాథమిక హక్కులు, ప్రాథమిక పాఠశాల అనే మాటల్లో ప్రాథమికం అంటే పునాది లాంటిది, మొదటి మెట్టు లాంటిది. అందుకే 'ప్రాథమిక కేసు' అనగానే 'అసలు కేసు' అనుకునే విద్యార్థులున్నారు. లాటిన్ చెప్పేది అది కాదు. ప్రైమా అంటే మొదటి, ఫేసీ అంటే రూపం. 'తొలిచూపుకు', 'పైకి చూడగానే' అన్నవి దానికి దగ్గరి తెలుగు. లోతుగా తవ్వితే ఏం బయటపడుతుందో తర్వాతి మాట.

తాత్కాలిక ఇంజంక్షన్ కావాలంటే మూడు చూపాలి: తొలిచూపుకు నిలిచే కేసు, అనుకూల ప్రతికూలాల తూకం తనవైపు ఉండటం, తర్వాత డబ్బుతో పూడ్చలేని నష్టం. ఇందులో మొదటిది ఎంత మేరకు చూపాలన్నదే చిక్కు. దల్పత్ కుమార్ వర్సెస్ ప్రహ్లాద్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రైమా ఫేసీ కేసునూ ప్రైమా ఫేసీ హక్కునూ కలపొద్దని చెప్పింది. హక్కు ఎవరిదన్నది విచారణలో సాక్ష్యంతో తేలుతుంది. ఇంజంక్షన్ దశలో చూసేది, నిజాయతీగా లేవనెత్తిన, విచారించదగ్గ వివాదం ఉందా లేదా అనే. అంటే ఇంజంక్షన్ వచ్చినంత మాత్రాన వాది గెలిచినట్టూ కాదు, ప్రతివాది ఓడినట్టూ కాదు. ఇంజంక్షన్ రాగానే స్వీట్లు పంచే కక్షిదారుకు ఈ ముక్క ముందే చెప్పి పెట్టుకోండి.

'ప్రైమా ఫేసీ సాక్ష్యం' అన్నప్పుడు అర్థం కాస్త బిగుసుకుంటుంది. ఎదుటివారు ఖండించనంత వరకూ విషయాన్ని నిరూపించడానికి చాలే సాక్ష్యం అని. ఇక్కడ 'తొలిచూపు' సరిపోదు, 'ఖండించేదాకా నిలిచే సాక్ష్యం' అని విడమరచి చెప్పడం మేలు.

బోనా ఫైడ్ మీకు కొత్త మాట కాదు. కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి 'బోనఫైడ్' అడగని విద్యార్థి ఉండడు. ఆ సర్టిఫికెట్‌లో దాని అర్థం 'నిజమైన': ఈ అమ్మాయి నిజంగానే మా విద్యార్థిని అని. చట్టంలో ఎక్కువగా కనిపించే అర్థం 'నిజాయతీతో', 'సదుద్దేశంతో'. 'మంచి మనసుతో' అని మాత్రం రాయకండి. అది దానధర్మాలకు వాడే మాట. అన్నట్టు, బోనా ఫైడ్స్ చివర ఉన్న 'స్' బహువచనం కాదు. బోనా ఫైడ్ అంటే 'నిజాయతీతో', బోనా ఫైడ్స్ అంటే 'నిజాయతీ'.

ఇక్కడ తెలుగు ఒక్కటే తెలిస్తే చాలదు, ఏ చట్టమో కూడా చూడాలి. ఒక గుమాస్తా సంతకం సరిచూడకుండా డబ్బు చెల్లించాడనుకుందాం. మోసం చేసే ఆలోచన లేదు, ఒట్టి అజాగ్రత్త. అతను సదుద్దేశంతో చేశాడా? 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 3(22) ప్రకారం అవును. నిజాయతీగా చేస్తే చాలు, అజాగ్రత్త ఉన్నా ఫర్వాలేదని ఆ నిర్వచనం. పాత ఐపీసీ సెక్షన్ 52 ప్రకారం కాదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసినది సదుద్దేశం అనిపించుకోదని అక్కడ ఉండేది, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 2(11)లోనూ అదే ఉంది. లిమిటేషన్ చట్టమూ జాగ్రత్త అడిగే చట్టాల వరుసలోనే ఉంది. ఒకే గుమాస్తా, ఒకే పని, జవాబులు రెండు. వైవాలో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది.

ఆస్తి కేసుల్లో 'బోనా ఫైడ్ పర్చేజర్' అని వస్తే దాన్ని 'నిజాయతీగల కొనుగోలుదారు' అని వదిలేయకండి. అతనికి మూడు ఉండాలి: సొమ్ము చెల్లించి ఉండాలి, నిజాయతీగా కొని ఉండాలి, ముందున్న ఒప్పందం సంగతి తెలియకుండా ఉండాలి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 19(బి) కింద రక్షణ అలాంటివాడికే. 'తెలియక' అన్న మాటను కూడా జాగ్రత్తగా పట్టుకోండి. విచారించి ఉంటే తెలిసేది కదా అని కోర్టు అడుగుతుంది.

మాలా ఫైడ్ దీనికి ఎదురు: దురుద్దేశంతో. పిటిషన్లలో ఈ ఆరోపణ ఉప్పులా చల్లుతారు. అధికారి దురుద్దేశాన్ని నిరూపించే భారం ఆరోపించినవాడిదే, అది చాలా బరువైనదని సుప్రీంకోర్టు 1974లో రాయప్ప కేసులోనే చెప్పింది.

రెస్ జుడికేటా నాకు ఇష్టమైన మాట, ఎందుకంటే దీనికి మనవాళ్లు ఎప్పుడో పేరు పెట్టారు. ధర్మశాస్త్రాల్లో ప్రతివాది చెప్పగల జవాబులు నాలుగు రకాలు. ఒప్పుకోవడం, కాదనడం, ఒప్పుకుంటూనే వేరే కారణం చూపడం, నాలుగోది 'ఇది లోగడే తేలిపోయింది' అనడం. ఈ నాలుగోదాని పేరు ప్రాఙ్న్యాయం. పలకడానికి నోరు తిరగదు కాబట్టి 'లోగడ తేలిన వివాదం' అందాం. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 11 దీని చోటు. అదే కక్షిదారుల మధ్య, లేదా వాళ్ల ద్వారా హక్కు చెప్పుకునేవాళ్ల మధ్య, అదే అంశం మీద, అధికారమున్న కోర్టు చివరిదాకా విని తేల్చి ఉండాలి. సెక్షన్ 10 సబ్ జుడిస్‌ది: అక్కడ వివాదం ఇంకా తేలలేదు, అందుకే తర్వాత వేసిన దావా విచారణ ఆగుతుంది. ఒక నేరానికి రెండుసార్లు శిక్షించరాదనే రాజ్యాంగం 20(2) అధికరణంతో రెస్ జుడికేటాను కలపకండి. అది క్రిమినల్ సంగతి.

స్టేటస్ కో అంటే యథాతథ స్థితి. స్టేటస్ కో ఆంటే అంటే యథాపూర్వ స్థితి. ఈ రెండింటి మధ్య ఒక గోడ పడిపోవచ్చు. సోమవారం ప్రహరీ కూల్చారు, బుధవారం ఉత్తర్వు వచ్చింది. యథాతథ స్థితి అంటే కూలిన గోడ కూలినట్టే ఉండాలి. యథాపూర్వ స్థితి అంటే గోడ మళ్లీ లేవాలి. ఉత్తర్వులో ఏ తేదీ నాటి స్థితో రాయకపోతే ఇరుపక్షాలూ తమదే యథాతథం అని కొట్టుకుంటాయి.

కొన్ని మాటలకు తెలుగు ఎప్పుడో కుదిరిపోయింది, ఆలోచించే పనే లేదు. సైనీ డై: నిరవధికంగా. డి జ్యూరే: చట్టరీత్యా. డి ఫ్యాక్టో: వాస్తవంలో. అబ్ ఇనీషియో: మొదటినుంచీ. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లో మోహరీ బీబీ కేసు తేల్చింది. సువో మోటు అంటే తనంతట తానుగా. మన పత్రికలు దాన్ని 'సుమోటో' చేసేశాయి. వినడానికి బండి పేరులా ఉన్నా జనం నోట నిలిచిపోయింది. జవాబు పత్రంలో మాత్రం సరిగా రాయండి.

ఒబిటర్ డిక్టమ్‌కి పుస్తకాల్లో 'ప్రాసంగిక వ్యాఖ్య' అని ఉంటుంది. నేను క్లాసులో 'మాటవరసకు అన్నది' అంటాను. తీర్పును నిలబెట్టిన కారణం రేషియో డెసిడెండై, దారిలో జడ్జిగారు మాటవరసకు అన్నది ఒబిటర్. ఆ మాట తీసేస్తే తీర్పు నిలుస్తుందా అని చూడండి. నిలిస్తే అది ఒబిటర్. సుప్రీంకోర్టు మాటవరసకు అన్నదాన్ని కూడా కింది కోర్టులు తేలిగ్గా తీసిపారేయవనుకోండి.

టార్ట్స్‌లో ఇంజూరియాను 'గాయం' అని రాసినవాళ్లకు మార్కులు పోయాయి. ఇంజూరియా అంటే హక్కుకు భంగం, డామ్నమ్ అంటే నష్టం. 1410 నాటి గ్లోస్టర్ కేసులో పక్కనే కొత్త బడి పెట్టడంతో పాత బడి ఫీజులు తగ్గిపోయాయి. నష్టం ఉంది, హక్కు భంగం లేదు, పరిహారం రాలేదు. 1703 నాటి ఆష్బీ కేసులో ఓటు వేయనివ్వలేదు. అతను ఓటు వేయాలనుకున్నవాళ్లు ఎలాగూ గెలిచారు కాబట్టి నష్టం లేదు, కానీ హక్కుకు భంగం ఉంది, పరిహారం వచ్చింది.

శనివారం క్లాసుకు ఒక పని. మీ సీనియర్ ఆఫీసులో లేరు. ప్రతివాది తల్లి ఉత్తర్వు కాపీ పట్టుకుని వచ్చి, 'మా అబ్బాయి కేసు పోయిందా బాబూ?' అని అడుగుతోంది. కాపీలో ఉన్నది ఇది: 'పిటిషనర్ ప్రైమా ఫేసీ కేసు చూపినందున, తదుపరి విచారణ వరకూ ఇరుపక్షాలూ నేటి తేదీ నాటి స్టేటస్ కో పాటించాలని ఎక్స్ పార్టే ఉత్తర్వు ఇవ్వడమైనది. ప్రతివాదికి నోటీసు జారీ చేయాలి.' ఒక్క లాటిన్ మాట లేకుండా ఆమెకు చెప్పాల్సింది నాలుగు వాక్యాల్లో రాసుకుని రండి.