అనారోగ్య సెలవు, ఆపై కొద్దిరోజులు తగ్గించిన పనివేళలు కోరుతూ దరఖాస్తు

బెంగళూరు,
15 జూలై 2025.

మేనేజర్ గారికి,
మహాత్మా గాంధీ రోడ్డు కార్యాలయం, బెంగళూరు.

విషయం: గ్యాస్ట్రోఎంటరైటిస్ కారణంగా జూలై 14 నుంచి 18 వరకు సెలవు, 21 నుంచి 25 వరకు సగం రోజు హాజరు కోరడం గురించి.

అయ్యా,

శనివారం రాత్రి మొదలైన వాంతులు, విరేచనాల వల్ల ఒంట్లో నీరు బాగా తగ్గిపోయి, ఆదివారం మధ్యాహ్నానికి లేచి నిలబడలేని స్థితి రావడంతో, మా వాళ్లు నన్ను కృష్ణరాజపురంలో ఇంటికి దగ్గరున్న నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. వైద్యులు గ్యాస్ట్రోఎంటరైటిస్‌గా నిర్ధారించి, సెలైన్ ఎక్కించి, నిన్న సాయంత్రం ఇంటికి పంపారు. వాంతులు కట్టాయి, విరేచనాలు తగ్గాయే గాని పూర్తిగా ఆగలేదు. లీటరు నీళ్లలో ఓఆర్ఎస్ ప్యాకెట్ కలుపుకుని గుక్కెడు గుక్కెడుగా తాగుతూ, గంజి మాత్రమే తీసుకుంటున్నాను. మంచం దిగి వంటగది దాకా నడిస్తే ఇప్పటికీ కళ్లు తిరుగుతున్నాయి.

ఇది ఒకరి నుంచి ఒకరికి సోకే జబ్బు కనుక, విరేచనాలు పూర్తిగా ఆగిన తర్వాత కూడా కనీసం 48 గంటలు ఆఫీసుకు వెళ్లవద్దని వైద్యులు గట్టిగా చెప్పారు. మనమందరం ఒకే ప్యాంట్రీ, ఒకే వాష్‌రూమ్ వాడుతున్నందున, తొందరపడి వచ్చి తోటివారికి అంటించడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. అందువల్ల నిన్నటి నుంచి శుక్రవారం, అంటే 18వ తేదీ వరకు నాకు అనారోగ్య సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను.

21 నుంచి 25 వరకు ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 గంటల దాకా ఆఫీసులో పనిచేసి, మిగతా పని ఇంటి నుంచి చేసుకునే వీలు కల్పించమని మనవి. కృష్ణరాజపుర స్టేషన్ నుంచి ఉదయపు రద్దీలో మెట్రోలో నిలబడి రావడానికి, తిరిగి సాయంత్రపు రద్దీలో వెళ్లడానికి ఆ వారం నాకు ఓపిక చాలదు. 28వ తేదీ, సోమవారం నుంచి యథాప్రకారం పూర్తి వేళలకు హాజరవుతాను.

పని విషయంలో మీకు ఇబ్బంది కలగకూడదన్నదే నా ఆరాటం. జూన్ నెల జీఎస్టీఆర్-1 గడువులోనే దాఖలు చేశాను. 20వ తేదీలోగా వేయవలసిన జీఎస్టీఆర్-3బి లెక్కల ఫైలు విభాగపు ఉమ్మడి ఫోల్డరులో ఉంది; పోర్టల్‌లో వచ్చిన 2బిని కొనుగోలు రిజిస్టరుతో సరిచూసి, పన్ను కట్టడమే మిగిలింది. ఆ బాధ్యత తీసుకోవడానికి నా పక్క సీటు సహోద్యోగిని ఒప్పుకున్నారు. ఆవిడకు సందేహం వస్తే ఫోనులో చెప్పగలను. ఈ నెల 31లోగా వేయవలసిన మొదటి త్రైమాసికపు టీడీఎస్ రిటర్నును, తిరిగి వచ్చాక నేనే పూర్తిచేస్తాను.

నర్సింగ్ హోమ్ డిశ్చార్జి పత్రాన్ని, వైద్య ధ్రువపత్రాన్ని జతపరిచాను. విధుల్లో చేరే రోజున ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చి ఇస్తాను. దయతో పరిశీలించి అనుమతించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
భవదీయురాలు,
సుజాత,
సీనియర్ అకౌంటెంట్, అకౌంట్స్ విభాగం.