తల్లిదండ్రులకు ప్రకటన: తరగతి వేళల సమాచారం ఇకపై నేరుగా మీ ఫోనుకు

మన ట్యూషన్ సెంటర్‌లో 6 నుంచి 10వ తరగతి వరకు చదువుతున్న పిల్లల తల్లిదండ్రులందరికీ నమస్కారం.

జూన్ 15, సోమవారం నుంచి ప్రతి తరగతి వేళ మీ ఫోనుకు ఎస్సెమ్మెస్‌గా వస్తుంది. వేళ మారినా, తరగతి రద్దయినా ఆ కబురు కూడా అదే దారిలో వెంటనే అందుతుంది. దీనికి అదనపు ఫీజు ఏమీ లేదు, ఆ ఖర్చు సెంటరే పెట్టుకుంటుంది.

ట్యూషన్ వేళ పదిహేను నిమిషాలు అటూ ఇటూ కావడం మాకు చిన్న విషయంగా కనిపించవచ్చు. ఇంట్లో ఎదురుచూసే వారికి అది చిన్న విషయం కాదు. చీకటి పడ్డాక ఆరో తరగతి పాప గేటు దగ్గర ఒంటరిగా నిలబడి ఆటో కోసం చూస్తుండటం, అదే సమయంలో వాళ్ల నాన్న ఇంకా మిర్చి యార్డులో కాటా దగ్గరే ఉండటం, తరగతి ముందే అయిపోయిందని ఆయనకు తెలియకపోవడం ఏ రోజూ జరగకూడదు. మీలో కొందరు జనరల్ ఆసుపత్రిలో షిఫ్టు డ్యూటీలు చేస్తున్నారు, కొందరు దుకాణాలు చూసుకుంటున్నారు. నల్లపాడు, గోరంట్ల వైపు నుంచి పిల్లలను షేర్ ఆటోల్లో పంపేవారూ ఉన్నారు. శంకర్ విలాస్ వంతెన పనుల కోసం దారులు మళ్లించినప్పటి నుంచి బ్రాడీపేటకు ఎంతసేపట్లో చేరుకుంటామో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోతున్నారు. గట్టి వాన పడి మూడు వంతెనల కింద నీళ్లు నిలిస్తే ఇక చెప్పనక్కరలేదు. అలాంటప్పుడు కనీసం మా వైపు నుంచి అందే సమయం నికరంగా ఉండాలి.

వాట్సాప్ గ్రూపు ఉంది కదా అని కొందరు ఇప్పటికే అడిగారు. ఉంది, ఉంటుంది కూడా. నోట్సు, ప్రశ్నపత్రాలు, హోంవర్క్ అందులోనే పెడతాం. అయితే వేళ మారిందన్న ఒక్క వాక్యం అక్కడ శుభోదయం బొమ్మల మధ్య, ‘ధన్యవాదాలు సార్’ల మధ్య ఎక్కడో పైకి వెళ్లిపోతుంది. రోజంతా పని చేసి వచ్చిన మనిషిని నలభై సందేశాలు వెనక్కి జరిపి వెతుక్కోమనడం న్యాయం కాదు. పైగా కొన్ని ఇళ్లలో సాయంత్రం పిల్లలను చూసుకునేది అమ్మమ్మో తాతయ్యో. వారి చేతిలో ఉండేది బటన్ల ఫోను. ఎస్సెమ్మెస్‌కు ఇంటర్నెట్ అక్కరలేదు, రీచార్జిలో డేటా అయిపోయినా అందుతుంది. అందుకే దాన్నే ఎంచుకున్నాం.

రోజూ వచ్చే సందేశం ఒక్కటే. మధ్యాహ్నం మూడున్నరకు, అంటే పిల్లలు బడి నుంచి ఇంటికి చేరక ముందే, ఇలా వస్తుంది:

“9వ తరగతి లెక్కలు: నేడు సా. 5.45కు మొదలు, 7.15కు ముగింపు.”

ఆదివారం పొద్దున జరిగే పరీక్షల సందేశం మాత్రం శనివారం రాత్రి ఎనిమిదికి వస్తుంది. ఇవి కాక, మార్పు ఉన్నప్పుడే మరొకటి వస్తుంది:

“మార్పు: 9వ తరగతి లెక్కలు నేడు సా. 6.15కు మొదలు, 7.45కు ముగింపు.”

ఇంతకు మించి పంపం. తరగతి మొదలైందని ఒకటి, సగం అయిందని ఒకటి, పండగ శుభాకాంక్షలంటూ మరొకటి పంపుతూ పోతే పది రోజుల్లో మీరు చదవడం మానేస్తారు. అప్పుడు నిజంగా అవసరమైన రోజున కూడా మా సందేశం తెరవరు. తక్కువగా పంపితేనే విలువ ఉంటుందని నా నమ్మకం. అడ్మిషన్ల ప్రకటనలకు, ఫీజు గుర్తుచేయడానికి ఈ దారిని వాడబోమని మాట ఇస్తున్నాను.

సందేశం అంత పొడిగా ఎందుకు ఉందంటే, తెలుగులో రాసిన ఒక ఎస్సెమ్మెస్‌లో 70 అక్షరాలే పడతాయి. గుణింతాలు, ఒత్తులు, ఖాళీలు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. ఇంగ్లీషులో రాస్తే 160 వరకు పడతాయి కాబట్టి అలాగే పంపమని కొందరు సలహా ఇచ్చారు. కానీ ఇంట్లో ఎవరు తెరిచినా తామే చదువుకోగలగాలి, మరొకరిని అడగనవసరం ఉండకూడదు. అందుకే మాటలు తగ్గించి తెలుగులోనే ఉంచాం. ఇంగ్లీషే సౌకర్యమనుకునేవారు ఫారంలో ఆ గడిలో టిక్కు పెడితే వారికి ఇంగ్లీషులో వస్తుంది.

ఈ సందేశాల్లో పిల్లల పేరు ఎక్కడా ఉండదు, తరగతి, సబ్జెక్టు, వేళ మాత్రమే ఉంటాయి. ఫోను ఎవరి చేతిలో పడినా ఫలానా అమ్మాయి ఫలానా వేళకు బయటికి వస్తుందన్న సంగతి అందులో దొరకకూడదు. ఈ ఒక్క విషయం దగ్గర సాఫ్ట్‌వేర్ అమ్మినవారితో చాలాసేపు వాదించాల్సి వచ్చింది. పేరు పెట్టి పలకరిస్తే తల్లిదండ్రులకు ఆత్మీయంగా ఉంటుందని వారి వాదన. భద్రత ముందు ఆ ఆత్మీయత నాకు ముఖ్యం కాదు.

దీని వెనుక పని ఇలా జరుగుతుంది. కౌంటరులోని కంప్యూటర్‌లో అన్ని తరగతుల టైంటేబుల్ ఉంటుంది. వేళ కాగానే సందేశాలు వాటంతట అవే వెళ్తాయి, ఎవరూ కూర్చుని పంపనక్కరలేదు. మాస్టారు రావడం ఆలస్యమైనా, కరెంటు పోయినా, తుపాను హెచ్చరికతో కలెక్టరు గారు సెలవు ప్రకటించినా కౌంటరులో ఉన్నవారు టైంటేబుల్‌లో వేళ మారుస్తారు. ఆ వెంటనే ఆ తరగతి వారికి మాత్రమే మార్పు సందేశం వెళ్తుంది. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైనప్పుడు, పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు ముందు వేళలన్నీ తారుమారైనప్పుడు ఇది ఎక్కువగా అక్కరకు వస్తుంది.

అయినా యంత్రానికి అప్పగించని పనులు రెండున్నాయి. పిల్లవాడు తరగతికి రాకపోతే ఆ మాట ఎస్సెమ్మెస్‌లో చెప్పం. మొదలైన పదిహేను నిమిషాల్లోపు మా వాళ్లే మీకు ఫోన్ చేసి మాట్లాడతారు. ఇప్పటిదాకా ఎలా జరుగుతోందో అలాగే. బిడ్డ చేరలేదన్న వార్త తల్లికి మనిషి గొంతులోనే వినిపించాలి, ఆవిడ అడిగే మాటకు అప్పుడే జవాబు దొరకాలి.

రెండోది, తరగతి ముందే ముగిసిన రోజు సంగతి. మీకు సందేశం వెళ్లింది కదా అని పిల్లలను గేటు బయటికి పంపించేయం. మధ్యాహ్నం చెప్పిన ముగింపు వేళ వరకు వారు లోపల చదువుకునే గదిలోనే ఉంటారు, ఒక టీచరు వారితోపాటు కూర్చుంటారు. మీరు గానీ, ఫారంలో మీరు పేరు రాసినవారు గానీ ముందే వస్తే పంపుతాం. సందేశం మీకు ఆలస్యంగా అందినా, ఫోను ఛార్జింగ్ అయిపోయి ఉన్నా మీ బిడ్డ రోడ్డు మీద ఉండకూడదు. తరగతి మొదలవడానికి గంట లోపు ఏదైనా మార్పు చేయాల్సి వస్తే 6, 7 తరగతుల తల్లిదండ్రులకు సందేశంతో పాటు ఫోను కూడా చేస్తాం.

మోసాల గురించి కూడా చెప్పాలి, ఇది దయచేసి శ్రద్ధగా చదవండి. మా సందేశం పది అంకెల మొబైల్ నంబరు నుంచి రాదు. పంపినవారి పేరు ఉండాల్సిన చోట BRDTUT-S అని ఉంటుంది. దాని ముందు మరో రెండు అక్షరాలు కనిపిస్తాయి. అవి టెలికాం కంపెనీని, ప్రాంతాన్ని బట్టి వచ్చేవి, వాటిని పట్టించుకోనక్కరలేదు. చివరి S అంటే సేవకు సంబంధించిన సమాచారమని గుర్తు, ప్రకటనలైతే అక్కడ P ఉంటుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఈ పేరును, సందేశంలోని వాక్యాలను కూడా ముందే నమోదు చేయించాలి. కాబట్టి తరగతి, సబ్జెక్టు, వేళ తప్ప మా వాక్యం ఎప్పుడూ మారదు. అందులో లింకు ఉండదు. ఓటీపీ అడగం. డబ్బు కట్టమనం. ట్యూషన్ పేరు చెప్పి అలాంటిది ఏది వచ్చినా అది మాది కాదు, నొక్కకండి. ఒకవేళ డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు ఇవ్వండి. ఆ తర్వాత మాకూ తెలియజేయండి, మిగతా తల్లిదండ్రులను హెచ్చరిస్తాం.

ఇక మీరు చేయాల్సిన పని. జూన్ 8 నుంచి 12 వరకు కౌంటరులో ఒక పేజీ ఫారం ఇస్తాం. ఉదయం పది నుంచి పన్నెండు వరకు, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు ఎప్పుడైనా వచ్చి నింపవచ్చు. రాలేనివారు పిల్లల చేతికి ఇచ్చి పంపించినా సరే, సంతకం మాత్రం తల్లిదండ్రులదే ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. చట్టం అడగకపోయినా మిమ్మల్ని అడగకుండా ఈ పని మొదలుపెట్టేవాళ్లం కాదు.

ఫారంలో రెండు నంబర్లు రాయండి. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది అయితే మంచిది. సాయంత్రం ఇంట్లో ఉండేది పెద్దవాళ్లయితే రెండోది వారిదే రాయండి. పిల్లలను తీసుకెళ్లే ఆటో అన్నకు కూడా సందేశం వెళ్లాలనుకుంటే మూడో నంబరుకు చోటు ఉంది, అది పూర్తిగా మీ ఇష్టం. ఈ నంబర్లు మరెవరికీ ఇవ్వం. పిల్లలు ట్యూషన్ మానేసిన నెలలోనే జాబితా నుంచి తీసేస్తాం. మధ్యలో సిమ్ మార్చినవారు కొత్త నంబరు ఆ రోజే చెప్పండి.

సందేశాలు వద్దనుకునేవారు ఫారంలో ఆ మాటే రాసి ఇవ్వవచ్చు. వారి పిల్లల విషయంలో ఏ తేడా ఉండదు. నోటీసు బోర్డు మీద టైంటేబుల్ ఎప్పటిలాగే ఉంటుంది, ఫోన్ చేసి అడిగినా చెబుతాం.

జూన్ 13, శనివారం సాయంత్రం ఆరు గంటలకు, అందుతోందో లేదో చూడటానికి అందరికీ ఒక సందేశం పంపుతున్నాం. ఏడు గంటలకల్లా అందకపోతే ముందుగా ఫోనులో స్పామ్ అని ఉండే చోట చూడండి. కొన్ని ఫోన్లు ఇలాంటి సందేశాలను అక్కడికి నెట్టేస్తాయి. డీఎన్‌డీ పెట్టుకున్న ఫోనుకైనా ఇది అందాలి. అక్కడా లేకపోతే మీ ఫీజు రసీదు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేయండి, ఆ రోజు రాత్రి తొమ్మిదిన్నర వరకు కౌంటరులో నేనే ఉంటాను.

ఇట్లు,
నిర్వాహకులు,
ట్యూషన్ సెంటర్, బ్రాడీపేట, గుంటూరు.
2026 జూన్ 6.